ఫోటోల్లోని బ్యూరెట్ రీడింగులు: దేనికి సగటు తీయాలి, గాఢత ఎలా కట్టాలి

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ప్లస్ టూ సెకండియర్. ఆక్సాలిక్ ఆసిడ్‌తో పర్మాంగనేట్ టైట్రేషన్ నాలుగుసార్లు చేశాం. టైము చాలక రీడింగులు రాసుకోకుండా ఫోన్లో ఫోటోలు తీసుకున్నాం. ఆ ఏడు ఫోటోలూ కింద పెట్టాను. ఆక్సాలిక్ ఆసిడ్ 0.05 మోలార్, ప్రతిసారీ పిపెట్‌తో 10 మి.లీ. తీశాం. మేం చదివినవి ఇవీ: 0.0 నుంచి 10.9, 0.0 నుంచి 10.3, 10.3 నుంచి 20.5, 0.1 నుంచి 10.7. నాలుగింటికీ సగటు 10.5 వస్తోంది. అదే వేసి పర్మాంగనేట్ గాఢత కట్టేయొచ్చా?

జవాబు:

వద్దమ్మా, 10.5 వెయ్యొద్దు. నీ నాలుగు ట్రయల్స్‌లో ఒకటి సగటులోకి రాకూడనిది. ఇంకొకటి మీరు తప్పు చదివారు, ఫోటోలో రీడింగు సరిగ్గానే ఉంది. ఈ రెండూ సర్దితే మీ ప్రయోగం బాగానే వచ్చినట్టు లెక్క. ఫోటోలు ఉండబట్టే ఈ మాట చెప్పగలుగుతున్నాను. కాగితం మీద అంకెలు మాత్రమే ఉంటే నాలుగో ట్రయల్‌ని ఎవరూ బాగుచెయ్యలేరు.

ముందు నాలుగోది చూద్దాం. చివరి ఫోటోని పెద్దది చేసి చూడు. ఊదారంగు అంచుకి పైన 10 అనే అంకె ఉంది, 11 కింద ఉంది. బ్యూరెట్‌లో సున్నా పైన ఉంటుంది, కిందికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. కాబట్టి 10 దగ్గర మొదలుపెట్టి కిందికి గీతలు లెక్కపెట్టాలి. ఒకటి, రెండు, మూడు: అంచు మూడో గీత మీద ఉంది. అంటే 10.3. మీరు 11 దగ్గర మొదలుపెట్టి పైకి ఏడు గీతలు లెక్కపెట్టి 10.7 అని రాశారు. కొలజాడీలో అంకెలు కింది నుంచి పైకి పెరుగుతాయి కదా, ఆ అలవాటు ఇక్కడికి వచ్చేసింది. ఈ తప్పుకి ఒక గుర్తు ఉంది. సరైన రీడింగులో దశాంశం, తప్పు రీడింగులో దశాంశం కలిపితే ఎప్పుడూ పది అవుతాయి: 3కి బదులు 7, 2కి బదులు 8, 4కి బదులు 6. 5 దగ్గర మాత్రం ఎటు లెక్కపెట్టినా ఒకటే కాబట్టి ఈ తప్పు దాక్కుంటుంది. ఒక ట్రయల్ మిగతావాటికి అకారణంగా 0.2, 0.4, 0.6 తేడాతో పక్కకి పోతే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మిగతావాటితో కలవలేదని 10.7ని 10.3 చెయ్యకూడదు. ఫోటోలో 10.3 ఉంది కాబట్టే మారుస్తున్నాం. ఫోటోలో నిజంగా 10.7 ఉండి ఉంటే ఆ ట్రయల్‌ని అలాగే రాసి, సగటులోంచి తీసేసి, ఇంకోసారి టైట్రేషన్ చేసుకోవాల్సిందే.

ఇక మొదటి ట్రయల్. దీని చివరి ఫోటో కాస్త దూరం నుంచి తీశారు కాబట్టి కింద కోనికల్ ఫ్లాస్కు కూడా పడింది. అందులో రంగు చూడు: ముదురు గులాబీ. అంతిమ స్థానం దగ్గర రావాల్సింది వెనక తెల్ల కాగితం పెడితే గానీ తెలియనంత లేత గులాబీ, అది అర నిమిషం నిలవాలి. అంటే మీరు 10.2 దగ్గర ఆగాల్సింది, దాటిపోయి 10.9 దాకా వదిలేశారు. తప్పేం లేదు, మొదటి ట్రయల్ ఉన్నదే ఎక్కడ ఆగాలో అందాజు తెలియడానికి. రికార్డులో దాన్ని పైలట్ అని రాసి పక్కన పెట్టాలి. చెరిపెయ్యొద్దు, సగటులో కలపొద్దు. కలిపితే ఏమవుతుందో లెక్కలో చూపిస్తాను.

ఈ టైట్రేషన్‌లో మొదటిసారి దాటిపోవడానికి ఒక కారణం కూడా ఉంది. మొదట వేసిన పర్మాంగనేట్ చుక్కల రంగు నెమ్మదిగా పోతుంది, ఎందుకంటే ఈ చర్యని తొందరపెట్టేది చర్యలోనే పుట్టే మాంగనీసు అయాను. అది కొంచెం తయారయ్యాక రంగు టక్కున పోతుంది. అప్పటిదాకా ఓపిక పట్టాలి. అందుకే ఫ్లాస్కుని 60–70 డిగ్రీల దాకా వేడిచేసి మొదలుపెట్టమంటారు. వేడి చాలకపోయినా, సల్ఫ్యూరిక్ ఆసిడ్ తక్కువైనా, పర్మాంగనేట్ గబగబా వదిలినా గోధుమరంగు మడ్డి వస్తుంది. అది మాంగనీసు డయాక్సైడు. ఆ రంగు కనిపించిన ట్రయల్ రీడింగు మిగతావాటితో సరిపోయినా సరే, పనికిరాదు. మీ ఫోటోల్లో ఒక్క ఫ్లాస్కే పడింది, మిగతా మూడింటి గురించి నేను చెప్పలేను, గుర్తు తెచ్చుకో. ఇకమీదట ప్రతి ట్రయల్‌కీ ఫ్లాస్కు ఫోటో కూడా ఒకటి తీసి పెట్టుకో.

ఇప్పుడు అసలు విషయం, అంచు ఎక్కడ చదవాలి అన్నది. రంగులేని ద్రావణం అయితే నెలవంకకి అడుగు భాగం చదువుతాం. పర్మాంగనేట్ అంత ముదురు రంగులో అడుగు కనిపించదు కాబట్టి పై అంచు, అంటే ద్రావణం గాజుని తాకే గీత, చదవాలి. మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ పై అంచే అయితే తీసివేతలో తేడా పోతుంది. ఒకటి పైనా ఒకటి కిందా చదివితే నెలవంక ఎత్తంతా లెక్కలోకి వచ్చి పడుతుంది. 50 మి.లీ. బ్యూరెట్‌లో 0.1 మి.లీ. అంటే గాజు మీద సుమారు ఒక మిల్లీమీటరే, నెలవంక ఎత్తు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఫోటోలో ఇంకో చిక్కు ఉంది. నీ మూడో ట్రయల్ చివరి ఫోటో చూడు, 20.5 అని చదివినది. అక్కడ ఊదారంగు పైభాగం ఒక సన్నటి కోడిగుడ్డు ఆకారంలా కనిపిస్తోంది. ఆ ఆకారానికి కింద ఒక అంచు, పైన ఒక అంచు ఉన్నాయి. కింద కనిపించేది బ్యూరెట్ ముందు గోడకి తాకిన అంచు, పైన కనిపించేది వెనక గోడకి తాకినది. నిజానికి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఫోన్ ద్రావణం మట్టానికన్నా పైన ఉంది కాబట్టి వెనకది పైకి లేచినట్టు కనిపిస్తోంది. మొదటి రీడింగుకి ఫోన్ ఏ ఎత్తులో పట్టుకున్నారో చివరిదానికీ అక్కడే పట్టుకున్నారు, మట్టం మాత్రం 20 దాకా దిగిపోయింది, అదీ సంగతి.

తేడా ఎంతో చెబుతాను. బ్యూరెట్ లోపలి వెడల్పు సుమారు 11 మిల్లీమీటర్లు. ఫోన్ 20 సెంటీమీటర్ల దూరంలో, మట్టానికి 4 సెంటీమీటర్లు పైన ఉందనుకో. వెనక అంచు గీతల మీద 2 మిల్లీమీటర్లకి పైగా ఎగువన కనిపిస్తుంది, అంటే సుమారు 0.2 మి.లీ. తక్కువ రీడింగు. నువ్వు వెనకంచు చూసి ఉంటే 20.3 రాసేదానివి, ఘనపరిమాణం 10.0 అయిపోయేది. ముందంచే చూశావు, అందుకే బతికిపోయావు. గీతలు ఉన్నది ముందు గోడ మీదే కాబట్టి ముందంచుకీ గీతకీ మధ్య గాజు మందం ఒక్కటే అడ్డం. అందువల్ల ఫోన్ కాస్త అటూఇటూ ఉన్నా పర్మాంగనేట్‌లో ముందంచు పెద్దగా మోసం చెయ్యదు. రంగులేని సోడియం హైడ్రాక్సైడ్ లాంటిదైతే ఈ ఊరట ఉండదు. అక్కడ చదివే అడుగు భాగం గొట్టం నడిమధ్యన ఉంటుంది, అదే ఎత్తు తేడాకి 0.1 మి.లీ. పైన పోతుంది.

ఫోన్ సరైన ఎత్తులో ఉందో లేదో ఫోటోయే చెబుతుంది. మట్టానికి దగ్గర్లో ఉన్న పొడవాటి గీత, అంటే పూర్తి మి.లీ. గీత, గొట్టం చుట్టూ తిరిగి ఉంటుంది. అది తిన్నగా కనిపిస్తే కెమెరా సమంగా ఉన్నట్టు. మధ్యలో కిందికి దిగి గిన్నె అంచులా కనిపిస్తే కెమెరా పైన ఉంది. మధ్యలో పైకి లేచి విల్లులా ఉంటే కింద ఉంది. నీ మొదటి ట్రయల్ సున్నా ఫోటోలో గీత విల్లులా ఉంది. స్టాండు బల్ల మీద ఉంటే సున్నా మన తల కన్నా పైన ఉంటుంది కదా, అందరూ కింది నుంచే తీస్తారు. పోనీలే, ఆ ట్రయల్ ఎలాగూ వదిలేశాం.

ఇప్పుడు గీతల మధ్య అంచు పడితే ఏం చెయ్యాలో చూద్దాం. కంటితో అయితే 0.05 దాకా అందాజు వేస్తాం. ఫోటో ఉంటే కొలవొచ్చు. కంప్యూటర్‌లో పెయింట్‌లో ఫోటో తెరిచి కర్సరు పెడితే కింద రెండు అంకెలు కనిపిస్తాయి, వాటిలో రెండోది నిలువు స్థానం. నీ రెండో ట్రయల్ చివరి ఫోటోలో 10.2 గీత మధ్యభాగం 1412 దగ్గర, 10.3 గీత 1476 దగ్గర, ఊదా అంచు 1444 దగ్గర ఉన్నాయి. రెండు గీతల మధ్య దూరం 64, అంచు 32 దిగింది. సరిగ్గా సగం. కాబట్టి రీడింగు 10.25. మీరు దాన్ని 10.3 అన్నారు. ఈ పద్ధతిలో 10.253, 10.247 లాంటి అంకెలు వస్తే మురిసిపోయి రాసెయ్యకు. గీత మందమే నాలుగైదు పిక్సెళ్లు ఉంటుంది. దగ్గర్లోని 0.05కి సరిచేసి ఆపేయాలి. ఫోటో వాట్సాప్‌లో పంపుకుంటే నాణ్యత పడిపోయి గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, డాక్యుమెంటుగా పంపుకోండి.

అలా చదివితే మీ రీడింగులు ఇవీ:

రెండో ట్రయల్: 0.00 నుంచి 10.25, తేడా 10.25
మూడో ట్రయల్: 10.25 నుంచి 20.45, తేడా 10.20
నాలుగో ట్రయల్: 0.10 నుంచి 10.30, తేడా 10.20

మూడూ 0.1 మి.లీ. లోపలే ఉన్నాయి, కలుపుకోవచ్చు. సగటు (10.25 + 10.20 + 10.20) ÷ 3 = 10.22 మి.లీ.

కొందరు ఇక్కడ చివరి రీడింగులకి వేరే సగటు, మొదటి రీడింగులకి వేరే సగటు తీసి తీసేస్తారు. ఒక ట్రయల్ చివరి రీడింగుని వదిలేసి దాని మొదటి రీడింగుని మర్చిపోనంత వరకు అదే జవాబు వస్తుంది. మర్చిపోవడమే ఎక్కువ జరుగుతుంది కాబట్టి ముందు ఏ ట్రయల్‌కి ఆ తేడా కట్టి, ఆ తేడాలకే సగటు తియ్యి.

రెండు, మూడు ట్రయల్స్ మధ్య మీరు బ్యూరెట్ మళ్లీ నింపలేదు, ఒకే ఫోటో రెండింటికీ వాడారు. ఇందులో తప్పు లేదు గానీ ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ మధ్య ఫోటోని 10.25 కాకుండా 10.30 అని చదివామనుకో. రెండో ట్రయల్ 10.30 అవుతుంది, మూడోది 10.15కి పడిపోతుంది. రెండింటి మధ్య తేడా 0.15 అయి, కలవలేదు మొర్రో అంటావు. కానీ వాటి సగటు మాత్రం 10.225 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే కూడినప్పుడు ఆ మధ్య రీడింగు కొట్టుకుపోయి 20.45 నుంచి 0.00 తీసి రెండుతో భాగించినట్టే మిగులుతుంది. అందుకని పక్కపక్క ట్రయల్స్ ఒకటి ఎక్కువ, ఒకటి అంతే తక్కువ వస్తే తప్పు టైట్రేషన్‌లో లేదు, ఆ ఉమ్మడి ఫోటో చదవడంలో ఉంది. దాన్ని మళ్లీ చూడాలి.

ఇక గాఢత. రెండు మోల్‌ల పర్మాంగనేట్ ఐదు మోల్‌ల ఆక్సాలిక్ ఆసిడ్‌తో చర్య జరుపుతుంది.

```
M1 × V1 / 2 = M2 × V2 / 5
M1 = (2 × 0.05 × 10) / (5 × 10.22)
   = 0.01957
```

ఇందులో 1 పర్మాంగనేట్‌కి, 2 ఆక్సాలిక్ ఆసిడ్‌కి. మొదటిది తెలియనిది, రెండోది తెలిసినది. జవాబు 0.0196 మోలార్ అని రాయి. లీటరుకి గ్రాముల్లో కావాలంటే 0.01957ని పర్మాంగనేట్ అణుభారం 158తో గుణించు, 3.09 గ్రాములు వస్తుంది.

ఎక్కువమంది తప్పేది 2, 5 దగ్గరే. తిరగేసి వేస్తే 0.122 వస్తుంది, అసలు వెయ్యకపోతే 0.049 వస్తుంది. జవాబు చూసి పట్టుకోవచ్చు. నువ్వు తీసిన 10 మి.లీ. ఆసిడ్‌కి దాదాపు 10 మి.లీ.యే పర్మాంగనేట్ పట్టింది. అలాంటప్పుడు పర్మాంగనేట్ మోలారిటీ ఆసిడ్ మోలారిటీలో ఐదింట రెండు వంతుల దగ్గర, అంటే 0.02 దగ్గర ఉండి తీరాలి. ఇంకో తనిఖీ నార్మాలిటీతో చేసుకోవచ్చు, మన వైపు పాత లెక్చరర్లు ఇప్పటికీ అదే అడుగుతారు. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆసిడ్ అంటే 0.1 నార్మల్. 0.1 × 10 ÷ 10.22 = 0.0978 నార్మల్ పర్మాంగనేట్. ఐదుతో భాగిస్తే మళ్లీ 0.0196.

మీ 10.5 వేసి ఉంటే 0.0190 మోలార్, లీటరుకి 3.01 గ్రాములు వచ్చేది. దాదాపు వందకి మూడు తేడా. వైవాలో ఎగ్జామినరు దగ్గర అసలు విలువ ఉంటుంది కాబట్టి ఇది కనిపిస్తుంది.

మూడు అంకెల దగ్గర ఎందుకు ఆపాలి అంటే, ఒక్కో రీడింగులో 0.05 అటూఇటూ ఉండొచ్చు. తేడాలో రెండు రీడింగులు ఉన్నాయి కాబట్టి మహా అయితే 0.1. పది మి.లీ.లో 0.1 అంటే వందకి ఒకటి. అలాంటప్పుడు 0.019569 అని కాలిక్యులేటరు చూపించిందంతా ఎక్కించడం అర్థం లేని పని. ల్యాబులో 20 మి.లీ. పిపెట్ ఉంటే అది వాడు. బ్యూరెట్‌లో 20కి పైన దిగుతుంది, అదే 0.1 తప్పు వందకి అరకి తగ్గుతుంది. చదవడంలో ఎంత తంటాలుపడ్డా అంత లాభం రాదు.

బ్యూరెట్ మీద 20 డిగ్రీలనో 27 డిగ్రీలనో రాసి ఉంటుంది. మన దగ్గర ఏప్రిల్‌లో ల్యాబు 35 దాటుతుంది, మరి లెక్క తప్పదా అని అడుగుతారు. 27 నుంచి 35కి నీళ్లు వెయ్యికి రెండు మూడు వంతులే పెరుగుతాయి. పైగా పిపెట్‌లోదీ బ్యూరెట్‌లోదీ ఒకే వేడిలో ఉన్నాయి, చాలావరకు కొట్టుకుపోతుంది. ఆక్సాలిక్ ఆసిడ్‌ని పిపెట్‌తో తీశాకే కదా వేడిచేసేది, కాబట్టి ఆ వేడికీ ఘనపరిమాణానికీ సంబంధం లేదు.

మళ్లీ చేసేటప్పుడు ఫోటో ఇలా తియ్యి. కుళాయి కట్టేశాక అర నిమిషం ఆగు. వేగంగా వదిలినప్పుడు గోడకి అంటుకున్న ద్రావణం మెల్లగా దిగి మట్టాన్ని కొంచెం పైకి తెస్తుంది. వెంటనే తీస్తే రీడింగు ఎక్కువ వస్తుంది. నింపిన గరాటుని తీసేసి సున్నా ఫోటో తియ్యి. గరాటు ఉంచేస్తే మధ్యలో ఒక చుక్క జారి లోపల పడుతుంది, అది ఏ ఫోటోలోనూ కనపడదు. కుళాయి కింది ముక్కులో గాలిబుడగ ఉందేమో కూడా అప్పుడే చూసుకో. బుడగ మొదట ఉండి ట్రయల్ మధ్యలో పోతే ఆ మేరకు రీడింగు పెరుగుతుంది.

ఫోన్‌ని చేత్తో గాల్లో పట్టుకోకుండా పుస్తకాల దొంతర మీద ఆనించు. చాలా ఫోన్లలో కెమెరా పై మూలన ఉంటుంది కాబట్టి మట్టానికి సమంగా ఉండాల్సింది ఆ మూల, ఫోన్ నడుము కాదు. మట్టం కిందికి దిగితే పుస్తకాలు తగ్గించు, లేదా క్లాంపు వదులుచేసి బ్యూరెట్‌నే జరుపు. మరీ దగ్గరికి వెళ్లకుండా 30 సెంటీమీటర్ల దూరంలో ఉండి జూమ్ చెయ్యి. ఫ్లాష్ ఆపెయ్యి, గాజు మీద తెల్లటి మచ్చ సరిగ్గా అంచు మీదే పడుతుంది. వెనక తెల్ల కాగితం పెట్టి, దాని మూల మీద ట్రయల్ నంబరూ ‘మొదలు’, ‘చివర’ అన్న మాటా పెన్సిల్‌తో రాసి ఫ్రేములో పడేలా చూడు. పైనా కిందా కనీసం ఒక్కొక్క పూర్తి అంకె ఫోటోలో ఉండాలి. 10, 11 రెండూ కనిపించబట్టే ఇవాళ నీ నాలుగో ట్రయల్ దక్కింది.

రికార్డులో నాలుగు ట్రయల్సూ రాయి. మొదటిదాని పక్కన పైలట్ అని, నాలుగోదాని పక్కన 10.7 కొట్టేసి 10.30 అని రాసి సంతకం పెట్టు. ఫోటోలు రికార్డు దిద్దేదాకా ఫోన్లోంచి తీసెయ్యకు.